ఫొటోలో ఉన్నది ఆకు టీయా, డస్టా? తేల్చుకుని కాచుకోవడం ఎలా

టీ ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. తెర నిండా నల్లటి పదార్థం, మీద కాస్త నిగారింపు. అది సెంటీమీటరు పొడవున్న ఆకుల కుప్పో, అర మిల్లీమీటరు కూడా లేని రేణువుల కుప్పో ఆ ఫొటోను బట్టి వెంటనే చెప్పలేం. కెమెరాను బాగా దగ్గరికి తీసుకెళ్లి తీస్తే డస్టు కూడా మంచి గింజకట్టుతో బొద్దుగా కనిపిస్తుంది. దూరం నుంచి తీస్తే పెద్ద ఆకు కూడా పొడిలా అయిపోతుంది. అందుకని ఫొటో చూడగానే రంగు గురించి కాదు, కొలత గురించి ఆలోచించాలి.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఫ్యాక్టరీలో ఎండిన టీని వరుసగా జల్లెడల మీద ఆడిస్తారు. పైన నిలిచేది పూర్తి ఆకు, తర్వాత విరిగిన ఆకు, దాని కింద ఫానింగ్స్ అనే చిన్న ముక్కలు, అన్నిటికన్నా అడుగున పడేది డస్ట్. అంటే గ్రేడు ప్రధానంగా చెప్పేది పరిమాణాన్ని. మంచి తోట ఆకు నుంచి వచ్చిన డస్టు, నాసిరకం తోట పూర్తి ఆకు కన్నా రుచిగా ఉండవచ్చు. కాబట్టి డస్టు అని తేలగానే చెత్త అని పక్కన పెట్టేయకండి. కాచే పద్ధతి మారుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఫొటోలో ప్యాకెట్టు కూడా కనిపిస్తుంటే దాని మీది అక్షరాలు చదవండి. ‘ఓపీ’ అని ముగిసేవి సాధారణంగా పూర్తి ఆకు. ముందు ‘బీ’ చేరి ‘బీఓపీ’ అయితే విరిగిన ఆకు. చివర ‘డీ’ ఉంటే, ‘పీడీ’ లాంటివి, డస్టు. ‘ఎఫ్’ దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. ముందు వస్తే, అంటే ‘ఎఫ్ఓపీ’లో, అది లేత చిగుళ్లున్న పూర్తి ఆకును సూచిస్తుంది. చివర వస్తే, అంటే ‘బీఓపీఎఫ్’లో, ఫానింగ్స్ అని అర్థం. అదే అక్షరం, చోటు మారితే పరిమాణం పది రెట్లు మారిపోతుంది.

ప్యాకెట్టు కనిపించకపోతే కళ్లనే నమ్ముకోవాలి.

మొదట ఫొటోలో కొలబద్దను వెతకండి

టీ పక్కన పరిమాణం తెలిసిన వస్తువేదైనా ఉందేమో చూడండి. చెంచా, అగ్గిపుల్ల, గళ్ల కాగితం, వేలి గోరు, ఏదైనా సరే. ఏదీ లేకపోతే ఆ ఫొటోతో పరిమాణాన్ని ఖాయంగా చెప్పలేం. అమ్మేవారిని అడిగే వీలుంటే ఇంకో ఫొటో అడగండి. తెల్ల కాగితం మీద చిటికెడు టీని పలుచగా పరిచి, పక్కన చెంచా పెట్టి, నిలువుగా పైనుంచి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా తీయమనండి. కుప్పగా పోసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా దానివల్ల పెద్దగా తెలిసేది లేదు. పలుచగా పరిచినప్పుడే ఒక్కో ముక్క విడిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ఫొటోను తీసుకుని కొలుద్దాం. టీ చెంచాలో నల్లటి పొడి ఉంది, కొంత చుట్టూ తెల్లటి పళ్లెం మీద చిందింది. చూడటానికి చక్కటి గుండ్రటి గింజల్లా ఉంది. టీ చెంచా గుంట వెడల్పు సాధారణంగా మూడు సెంటీమీటర్లు, అంటే 30 మిల్లీమీటర్లు. మీ చెంచా ఒకటి కొలిచి చూసుకుంటే మంచిది, చెంచాలన్నీ ఒక్క కొలతలో ఉండవు. ఫోనులో ఫొటోను పెద్దది చేసి, చెంచా వెడల్పు తెర మీద సరిగ్గా 60 మిల్లీమీటర్లు వచ్చేలా సర్దండి. స్కేలును నేరుగా తెరకు ఆనించి కొలవవచ్చు. ఇప్పుడు మీరు చూస్తున్నది అసలు పరిమాణానికి రెండింతలు.

ఒక్క రేణువును కొలవబోకండి, చేయి వణికితేనే లెక్క తప్పుతుంది. ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్న పది రేణువుల వరుసను పట్టుకుని, ఆ వరుస మొత్తం పొడవు చూడండి. మన ఫొటోలో అది తెర మీద 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. ఒక్కోటి 0.8. ఫొటో రెండింతలు కాబట్టి అసలు పరిమాణం 0.4 మిల్లీమీటర్లు. ఇది డస్టు. అదే వరుస 26 మిల్లీమీటర్లు వచ్చి ఉంటే ఒక్కో గింజ 1.3 మిల్లీమీటర్లు అయ్యేది. అప్పుడది డస్టు కాదు, సీటీసీ గుళిక. పళ్ల రోలర్ల మధ్య ఆకును కోసి, చీల్చి, చుట్టే పద్ధతిలో తయారయ్యే గింజ టీ అన్నమాట. తెర మీద చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, చెంచా ఒక్కటే వాటిని విడదీసింది.

హద్దులు ఉజ్జాయింపుగా ఇలా పెట్టుకోండి: అర మిల్లీమీటరు లోపు డస్టు, అక్కడి నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఫానింగ్స్, ఆ పైన ముక్కలు లేదా గుళికలు. పూర్తి ఆకులో మెలికలు పొడవులో సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. ఫ్యాక్టరీకీ ఫ్యాక్టరీకీ జల్లెడ కాస్త మారుతుంది కాబట్టి 0.5 దగ్గర 0.6 వస్తే తల పట్టుకోనక్కర్లేదు. కాచేటప్పుడు రెండూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి.

ఈ కొలతకు రెండు షరతులున్నాయి. కొలబద్ద వస్తువు, టీ రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. చెంచా ముందుకు, పళ్లెం వెనక్కు ఉంటే పళ్లెం మీది రేణువులు ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తాయి. అందుకే చెంచా లోపలి పొడినే కొలవండి. రెండోది, ఫొటో స్పష్టత. పదేపదే పంపుకుంటూ నలిగిన ఫొటోల్లో పక్కపక్క ముక్కలు కలిసిపోయి మరకల్లా మారతాయి. అప్పుడు విరిగిన ఆకు కూడా డస్టులా కనిపిస్తుంది. చెంచా అంచు పదునుగా, గీసినట్టు కనిపిస్తే లెక్క పెట్టండి. అంచే అలుక్కుపోయి ఉంటే ఆ ఫొటో లెక్కకు పనికిరాదు.

తర్వాత సందులు, నీడలు చూడండి

కొలబద్ద దొరకనప్పుడు ఉన్నంతలో నమ్మదగిన ఆధారం ముక్కల మధ్య చీకటి. పూర్తి ఆకు మెలికలు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. వాటి మధ్య లోతైన నల్లటి సందులు కనిపిస్తాయి, ఒక మెలిక కింద ఇంకో మెలిక దూరినట్టు తెలుస్తుంది. కుప్ప అంచు చిందరవందరగా, పుల్లలు పొడుచుకువచ్చినట్టు ఉంటుంది. డస్టు కుప్ప ఉపరితలం ఎక్కడా తెగకుండా సాఫీగా సాగుతుంది. నీడ పడితే కుప్ప మొత్తం మీద ఒకే నీడ పడుతుంది, ముక్కకో నీడ ఉండదు. చెంచాతో తీసిన చోట గాటు నున్నగా కనిపిస్తుంది.

డస్టుకు ఇంకో గుర్తు, అది అంటుకుంటుంది. చెంచా వెనుక వైపు, పళ్లెం అంచు, కాగితం మడత చూడండి. కుప్పకు కొంచెం దూరంలో సన్నటి గోధుమరంగు పొర పరుచుకుని ఉంటే అందులో డస్టు ఉన్నట్టే. పూర్తి ఆకు కదిపిన చోట ఖాళీ కాగితం శుభ్రంగా ఉంటుంది, మహా అయితే రెండు మూడు నలకలు.

ఇక్కడో చిక్కు. మంచి ఆకు టీ ప్యాకెట్టు అడుగున కూడా పొడి చేరుతుంది. రవాణాలో కుదుపులకు అంచులు రాలతాయి. అడుగు భాగాన్ని తీసిన ఫొటో చూసి డస్టు అమ్మారని గొడవ పెట్టుకునేవారున్నారు. తేడా సమానత్వంలో ఉంది. డస్టు గ్రేడు జల్లెడ పట్టినది, రేణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి. ప్యాకెట్టు అడుగు పొడిలో అన్నీ కలిసి ఉంటాయి: రెండు మూడు పొడవాటి మెలికలు, కొన్ని విరిగిన ముక్కలు, వాటి మధ్య నలిగిన పొడి. ఫొటోలో పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉంటే అది నలిగిన ఆకు టీ. పొడి మరీ ఎక్కువగా ఉంటే ఆకు బాగా పెళుసెక్కిందనో, ప్యాకింగు సరిగా లేదనో అనుకోవచ్చు. అంతేగానీ అది డస్టు గ్రేడు కాదు.

గుండ్రంగా ఉన్నదల్లా సీటీసీ కాదు

కొన్ని గ్రీన్ టీలను, ఊలాంగ్ టీలను పూర్తి ఆకునే ఉండలా చుట్టి ఆరబెడతారు. ఫొటోలో అవి గట్టి గుళికల్లా కనిపిస్తాయి. దగ్గరగా తీసిన సీటీసీ గింజలనూ, దూరంగా తీసిన ఊలాంగ్ ఉండలనూ పక్కపక్కన పెడితే పొరబడటం తేలిక. కాచడంలో మాత్రం రెండూ పూర్తిగా వేరు. సీటీసీ గింజ గట్టిగా మరుగుతున్న నీళ్లలో రెండు మూడు నిమిషాల్లో చిక్కగా దిగుతుంది. చుట్టిన ఆకు నెమ్మదిగా విప్పుకుంటూ మూడు నాలుగు సార్లు రుచినిస్తుంది.

ఫొటోను పెద్దది చేసి ఉండ ఉపరితలం చూడండి. చుట్టిన ఆకులో మడత గీతలు కనిపిస్తాయి. ఒక అంచు మరో అంచు మీదికి ఎక్కి ఉంటుంది, తరచూ చిన్న తోకలా కాడ బయటకు వస్తుంది. రంగు ఒక్క ఉండలోనే ముదురు, లేతలుగా మారుతుంది. సీటీసీ గింజకు ముందు, వెనుక ఉండవు. గరుకుగా, ఒకే రంగులో, ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుంది. అప్పటికీ తేలకపోతే కాచిన తర్వాత తడి ఆకు ఫొటో అడగండి. వాదనకు తావు లేకుండా తేల్చేది అదే. చుట్టిన ఆకు నీళ్లలో విచ్చుకుని ఈనెలతో సహా ఆకు ఆకారం చూపిస్తుంది. సీటీసీ, డస్టు మాత్రం ఉబ్బిన గోధుమరంగు ముద్దగానే మిగులుతాయి.

రంగు గురించి ఒక్క మాట. ఫోను కెమెరా వెలుగును బట్టి తెలుపును సరిదిద్దుకుంటుంది, పసుపు బల్బు కింద నల్లటి టీ ఎర్రగా మారుతుంది. రంగును బట్టి గ్రేడు చెప్పడం వృథా. రంగులో పనికొచ్చేది పక్కపక్క ముక్కల మధ్య తేడా ఒక్కటే. నల్లటి మెలికల మధ్య బంగారు రంగు కొనలు కనిపిస్తే చిగురు ఉందని అర్థం. డస్టులో లేత గోధుమరంగు నూగు, సన్నటి నారలు మెరిస్తే కాడ పీచు సరిగా తీయలేదని అర్థం. ఆ రకం డస్టు రుచి పలుచగా, కర్రవాసనగా ఉంటుంది.

తేలింది కదా, ఇక కాచడం

పరిమాణం తగ్గేకొద్దీ నీళ్లు తగిలే ఉపరితలం పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ముక్క నడిమధ్య నుంచి బయటికి రుచి ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది. ఆ దూరం సగమైతే పట్టే సమయం సగమే కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా డస్టులో ఆకు కణాలు చాలావరకు ముందే చితికి ఉంటాయి. అందుకే డస్టుకు మరిగిన నీళ్లు పోశాక ఒకటి నుంచి రెండు నిమిషాలు చాలు. పూర్తి ఆకు బ్లాక్ టీకి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. ఫానింగ్స్‌కు రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టి రుచి చూడండి. గ్రీన్ టీ అయితే ఏ పరిమాణమైనా నీళ్లు మరుగు దిగి 80 డిగ్రీలకు వచ్చాక పోయండి. గ్రీన్ డస్టును మరిగే నీళ్లతో కాస్తే చేదు తప్ప ఏమీ మిగలదు.

ఎక్కువమంది తప్పేది సమయంలో కాదు, చెంచాలో. పూర్తి ఆకు చెంచాలో గాలి ఎక్కువ, టీ తక్కువ. అదే చెంచా నిండా డస్టు తీస్తే బరువు దాదాపు రెట్టింపు ఉంటుంది. ‘కప్పుకు ఒక చెంచా’ అన్న లెక్క పట్టుకుని ఒక రకం నుంచి మరో రకానికి మారితే ఒకసారి కషాయం, ఇంకోసారి రంగునీళ్లు వస్తాయి. 200 మిల్లీలీటర్ల కప్పుకు రెండు నుంచి రెండున్నర గ్రాములు అనుకుని మొదలుపెట్టండి, ఈ బరువు రెండింటికీ సరిపోతుంది. వంటింటి కాటా రెండు గ్రాములను సరిగ్గా చూపించదు కాబట్టి పది చెంచాలు ఒకేసారి తూచి పదితో భాగించండి. ఆ ప్యాకెట్టు ఉన్నన్నాళ్లూ మీ చెంచా లెక్క ఖాయమవుతుంది.

డస్టును గిన్నెలో ముందు వేసి, పైనుంచి నీళ్లు పోయండి. నీళ్ల మీద డస్టు చల్లితే తేలి ఉండలు కడుతుంది, లోపల పొడిగానే ఉండిపోతుంది. పొయ్యి మీద మరిగే నీళ్లలో వేసేటట్లయితే వేయగానే ఒకసారి కలపండి. పాలు కలిపే టీకి డస్టును ముందు నీళ్లలోనే దిగనిచ్చి తర్వాత పాలు పోయడం మేలు. పాలలోని మాంసకృత్తులు వగరును పట్టేస్తాయి, చిక్కటి పాలలో టీ దిగడమూ మందగిస్తుంది.

వడపోత ఇంకా ముఖ్యం. మామూలు జాలి రంధ్రం ఒక మిల్లీమీటరు ఉంటే 0.4 మిల్లీమీటర్ల రేణువు సులువుగా దాటిపోతుంది. నానిన తర్వాత కొంత ఉబ్బుతుంది గానీ అన్నీ ఆగవు. దాటినవి కప్పు అడుగున కూర్చుని అక్కడ కూడా దిగుతూనే ఉంటాయి, అందుకే చివరి గుక్క విడిగా చేదెక్కుతుంది. డస్టుకు సన్నటి జాలి లేదా శుభ్రమైన పలుచటి గుడ్డ వాడండి. గుడ్డ మూసుకుపోతే పిండకండి. పిండితే లోపల మిగిలిన వగరంతా కప్పులోకి దిగుతుంది. సమయం పూర్తవగానే మొత్తం వడకట్టి వేరే పాత్రలోకి మార్చేయండి. డస్టును కెటిల్లో అలాగే ఉంచి రెండో కప్పు పోసుకోవడం కుదరదు.

పూర్తి ఆకుకు కావాల్సింది దీనికి పూర్తిగా వేరు. సన్నటి జాలి అక్కర్లేదు, విప్పుకోవడానికి చోటు కావాలి. గొలుసుకు వేలాడే చిన్న జాలి బంతిలో కుక్కితే ఆకు సగం విప్పుకుని ఆగిపోతుంది, బయట నీళ్లు ఎంత వేడిగా ఉన్నా మధ్యలో ఆకు పొడిగా మిగులుతుంది. వెడల్పాటి పాత్రలో వదిలేసి చివర్న వడకట్టడమే సరైన దారి. ఒకసారి కాచాక ఆకును పారేయకండి. నాణ్యమైన ఆకు రెండోసారి కూడా మంచి రుచినిస్తుంది, రెండోసారికి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. డస్టు రెండోసారి ఏమీ ఇవ్వదు.

కాచిన కప్పు తేడాగా వస్తే ఏది మార్చాలన్నదీ గ్రేడును బట్టే ఉంటుంది. డస్టు టీ నాలుక ఎండబెడుతూ వగరుగా ఉందా, కానీ రంగు బాగుందా? పొడి తగ్గించకండి, సమయాన్ని అర నిమిషం తగ్గించండి. పూర్తి ఆకు టీ ఐదు నిమిషాలకూ పలుచగా ఉందా? ఇంకా మరిగించడం వల్ల చేదు మాత్రమే వస్తుంది. ఆకు అర గ్రాము పెంచి, సమయాన్ని అలాగే ఉంచండి. ఫొటో చూసి డస్టు అనుకున్నది రెండు నిమిషాలకు పలుచగానే ఉండి, ఐదో నిమిషానికి సరైన రుచికి వస్తే మీ లెక్క తప్పింది. వడకట్టిన ముద్దలో ఒక ముక్కను వేళ్లతో తీసి తెల్ల పళ్లెం మీద విప్పి చూడండి. ఈనె కనిపిస్తే ఈసారి నుంచి దాన్ని ఆకుగానే కాచండి.